డల్లాస్‌లో ఉన్న శ్రీవారికి

ఎడిసన్, న్యూజెర్సీ
శుక్రవారం రాత్రి

గౌరవనీయులైన శ్రీవారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమంగా ఉన్నాను. అక్కడ తమరు కూడా వేళకు బువ్వ తింటున్నారని, అర్ధరాత్రి దాకా ఫోను చూడకుండా బజ్జుంటున్నారని తలుస్తాను. నవ్వుకోండి, ఫరవాలేదు. నా తెలుగులో సగం ఆరేళ్లు వచ్చేదాకా నన్ను పెంచిన అమ్మమ్మది. మిగిలిన సగం వారాంతాల్లో మనబడికి వెళ్లి, తెలుగు విశ్వవిద్యాలయం వారి పరీక్ష రాసి సంపాదించినది. మొగుడితో మాట్లాడే తెలుగు అమ్మమ్మా నేర్పలేదు, పాఠ్యపుస్తకంలోనూ లేదు. అందువల్ల మన కాపురమంతా ఇంగ్లీషులోనే సాగుతున్నది, అలకలతో సహా. అయినా ఈ సంగతి మాత్రం తెలుగులోనే విన్నవించుకోవలెనని కూర్చున్నాను.

ఆదివారం ఇక్కడ ఉదయం 9 గంటలకు, అంటే తెనాలిలో సాయంత్రం 6:30కి, ముగ్గురం కలిసి ఫోనులో మాట్లాడుకునేటప్పుడు అత్తయ్యగారు నన్ను అడిగిన ప్రతి ప్రశ్నకూ తమరే సమాధానం చెబుతున్నారు. మొన్న ఆవిడ "ఆవకాయ ఎలా ఉందమ్మా?" అని అడిగితే, నేను వాక్యం కట్టుకునేలోపే తమరు "చాలా బాగుందట" అని ముగించారు. నేను చెప్పదలచినది అది కాదు. మొదటి ముద్దకు నోరు ఉఫ్ ఉఫ్ అన్నదని, కళ్ల వెంట నీళ్లు కారాయని, అయినప్పటికీ పెరుగన్నంలో నంచుకుంటూ సగం సీసా ఖాళీ చేశానని చెప్పదలచాను. ఆవిడకు అదెంత ముచ్చటగా ఉండేదో ఆలోచించండి.

మామయ్యగారికి జ్వరం వచ్చినప్పుడు నేను "తగ్గిందా అత్తయ్యగారూ, లాల పోసుకున్నారా?" అని అడిగితే తమరు పక్కకు తిరిగి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "పోసుకున్నారమ్మా, గోరువెచ్చని నీళ్లతో" అన్నారు. ఆ తరువాత ఆయన పథ్యం సంగతులు కూడా తమరితో కాక నాతోనే చెప్పారు.

కనుక నా విన్నపము ఏమనగా, ఈ ఆదివారం నుంచి ఆవిడ నన్ను అడిగినదానికి నేనే జవాబు చెబుతాను. ఎంత ఆలస్యమైనా తమరు నా వాక్యాన్ని పూర్తి చేయవద్దు, మధ్యలో ఇంగ్లీషు మాట అందించవద్దు. నేను పొరపాటు మాట వాడితే అత్తయ్యగారు దిద్దుతారు, అందులో నాకు చిన్నతనమేమీ లేదు. నా ముందు ఎంతైనా నవ్వండి గాని, ఆవిడ వింటుండగా నవ్వకండి. దసరాకు తెనాలి వెళ్లినప్పుడు తమరు స్నేహితులతో బజారున పడితే, వంటింట్లో ఆవిడతో రోజంతా మాట్లాడవలసినది నేనే కదా.

ఆవిడకు తాయిలం ఏమి తీసుకువెళ్లాలో కూడా నేనే అడుగుతాను. తమరు చెప్పిన బాదంపప్పు పొట్లాలు పోయినసారివే ఇంకా డబ్బాలో ఉన్నాయట.

జవాబు తెలుగులోనే రాయగలరు. పొడుగు వాక్యాలైనా సరే, నాకు సంధులు విడదీయడం వచ్చును.

ఇట్లు,
తమ విధేయురాలు,
చిన్ని