క్షేత్ర నివేదిక: పద్మనాభం మండలంలో నాలుగు ఊళ్లు, నవంబరు 18 నుంచి 21 వరకు

వైద్యాధికారి గారికి,

మన ఏఎన్‌ఎం గారు ఈ మంగళవారం నుంచి శుక్రవారం వరకు చెరువుగట్టుపేట, రేవుపేట, తోటూరు, కొండదిగువపాలెం తిరుగుతూ వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజీలు విని రాసిన నివేదిక ఇది. ఆవిడ స్వయంగా కొలిచినవి, ఇంటివాళ్లు చెప్పగా విన్నవి, ఆవిడ అనుమానాలు కలిసిపోకుండా చూశాను. మోటారు హోరులో అంకెలు వినపడని చోట ఫోన్ చేసి అడిగాను. రోగుల పేర్లు, ఆర్‌సీహెచ్ నంబర్లు ఇందులో లేవు. అవి విడి కాగితం మీద రాసి సీల్ చేసిన కవర్లో పెట్టాను.

ఊరివారీగా కాకుండా తొందరను బట్టి రాస్తున్నాను.

కొండదిగువపాలెం గర్భిణి: రేపు ఉదయమే పంపాలి

వయసు 23, రెండో కాన్పు, 30వ వారం. శుక్రవారం డిజిటల్ మీటరుతో చూస్తే హిమోగ్లోబిన్ 6.8. సెప్టెంబరులో 8.4 అని కార్డులో ఉంది. బీపీ 110/70. నడిస్తే ఆయాసం వస్తోందని ఆమే చెప్పింది. పాదాలకు కొద్దిగా వాపు ఉంది. రక్తస్రావం లేదంది.

మొదటి మెసేజీలో ఏఎన్‌ఎం గారు "ఆస్పత్రికి రానంటోంది" అన్నారు. ఆ ఒక్కటే విని ఉంటే 'నిరాకరించారు' అని రాసేసేదాన్ని. గంట తర్వాత వచ్చిన మెసేజీలో అసలు సంగతి ఉంది: "రెండేళ్ల గుంటడిని ఎవరికప్పజెప్పి రానమ్మా, ఆయనేమో గాజువాకలో పనికెళ్లిపోయాడు" అందట. అడ్డం పిల్లవాడే. ఆశా గారు చిన్నవాణ్ణి తన ఇంట్లో పెట్టుకుంటానన్నారు. భర్తతో నేనే మాట్లాడాను, రేపు నేరుగా కేజీహెచ్‌కి వస్తాడు.

ఐరన్ మాత్రలు వేసుకుంటున్నానంది గానీ రెండు స్ట్రిప్పులు కదలకుండా గూట్లో ఉన్నాయి. మాత్ర మింగితే బిడ్డ బాగా పెరిగి కాన్పు కష్టమవుతుందని అత్తగారి భయం. ఆవిడ కోపంగా ఏమీ అనలేదట. తన కాన్పులో పడిన బాధే చెప్పిందట. వేసుకున్న నాలుగు రోజులూ టీతో వేసుకుంది. టీ తాగితే ఇనుము ఒంటపట్టదని ఇంతకుముందు ఎవరూ చెప్పినట్టు లేదు.

మూడో త్రైమాసికంలో 7 కంటే తక్కువ కాబట్టి మాత్రలతో ఇంటి దగ్గర చూద్దామనే దశ దాటిపోయింది. రక్తం ఎక్కించాలా, మరొకటా అన్నది ఆస్పత్రిలో తేలుస్తారు. మీకు ఫోన్‌లో చెప్పినట్టే రిఫరల్ చీటీ రాసి ఉంచాను, సంతకం కావాలి.

ఆఖరి మెసేజీ సగం దారి గురించే. స్కూటీ బురదలో దిగబడిందని విసుక్కున్నారు, నవ్వుకుంటూ వదిలేయబోయాను. కానీ మొంథా తుఫాను వానలకి ఆ ఊరి కల్వర్టు పక్కకి ఒరిగిపోయిందని, ట్రాక్టరు తప్ప ఏదీ దాటడం లేదని అందులోనే ఉంది. అంటే 108 బండి ఇంటి దాకా రాదు, కల్వర్టు ఇవతలే ఆగుతుంది. ఆమెను అంత దూరం నడిపించకూడదు. సర్పంచి గారు ట్రాక్టరులో మంచం వేయిస్తామన్నారు. 108 వాళ్లకి ఆగాల్సిన చోటు ముందే చెప్పాను.

మూడు జ్వరాలు, ఒకే కొండవాలు

ఇవి మూడు రోజుల్లో, మూడు విడి మెసేజీల్లో వచ్చాయి. ఏఎన్‌ఎం గారు వీటిని కలిపి చెప్పలేదు. ఏ రోజుకారోజు వినే వాళ్లకి కలిసేవీ కావు.

బుధవారం, తోటూరు: 42 ఏళ్ల పురుషుడు. ఆరు రోజులుగా జ్వరం, తీవ్రమైన తలనొప్పి. మలేరియా కిట్ నెగటివ్. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రెండు ఇంజెక్షన్లు పడ్డాయి, తగ్గలేదు. బయట ల్యాబులో ప్లేట్‌లెట్లు తగ్గాయని చూసి 'డెంగీ' అన్నారట. ఎన్‌ఎస్1 చేసినట్టు కాగితం లేదు.

గురువారం, తోటూరులోనే మరో వీధి: 35 ఏళ్ల స్త్రీ, ఐదు రోజుల జ్వరం, ఒళ్లు నొప్పులు. మోకాలి వెనక నల్లటి పొక్కు. ఏఎన్‌ఎం గారి మాటల్లో "సిగరెట్టుతో కాల్చినట్టుంది, నొప్పి లేదంటోంది, ముల్లు గుచ్చుకుందేమో". గజ్జల్లో బిళ్ల కట్టింది.

శుక్రవారం, కొండదిగువపాలెం: 50 దాటిన స్త్రీ, జ్వరం, దగ్గు. ఒంటి మీద పొక్కు ఉందో లేదో చూడలేదు.

తిరిగి ఫోన్ చేసి ముగ్గురూ ఏ పని చేస్తారని అడిగాను. జీడితోటల్లో తుప్పలు కొట్టే పని. ఒకే కొండవాలు. వానల తర్వాత తుప్ప ఏపుగా పెరిగింది, పూత రాకముందే శుభ్రం చేయాలని ఈ నెలలో కూలీలు బాగా వెళ్తున్నారు.

నా అనుమానం స్క్రబ్ టైఫస్. ఇది అనుమానమే. పొక్కు కనిపించింది ఒక్కరిలోనే, పరీక్ష ఇంకా ఎవరికీ కాలేదు. పొక్కు లేనంత మాత్రాన కాదని చెప్పలేం, చాలామందిలో కనిపించదు. కనిపించినా నడుము పట్టీ కింద, చంకలో, గజ్జల్లో ఉంటుంది కాబట్టి అడిగితే తప్ప చూపించరు. ప్లేట్‌లెట్లు డెంగీలోనూ, ఇందులోనూ తగ్గుతాయి. అందుకే ఆ ఒక్క కాగితం చూసి డెంగీ అనుకుని ఊరుకోవడం నాకు నచ్చలేదు. ముగ్గురినీ రేపు మీ ముందు కూర్చోబెడతాం. రక్త నమూనాలు ఐజీఎం ఎలీసాకి పంపాలి. ఫలితం వచ్చేదాకా ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాలా అన్నది మీ నిర్ణయం. దగ్గు ఉన్న పెద్దావిడని ముందు చూడమని మనవి, ఆయాసం ఎంతో మెసేజీలో స్పష్టంగా లేదు.

తోటపనికి వెళ్లేవాళ్లకి నిండు చేతుల చొక్కా, ఇంటికి రాగానే స్నానం, విప్పిన బట్టలు వేడినీళ్లలో వేయడం గురించి ఆశాలు సోమవారం నుంచి చెబుతారు. మేస్త్రీకి కూడా చెప్పమన్నాను. కూలీలు మా కంటే ఆయన మాటే వింటారు.

రేవుపేటలో "అమ్మోరు"

మూడేళ్ల బాబు. నాలుగు రోజుల జ్వరం తర్వాత ముఖం నుంచి మొదలై ఒంటికి పాకిన దద్దుర్లు, ఎర్రబడ్డ కళ్లు, ముక్కు కారడం. ఇదంతా అమ్మమ్మ చెప్పింది. ఏఎన్‌ఎం గారు అరుగు మీద నుంచి చూశారు, అంతే. గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి, లోపలికి రానివ్వలేదు. కాబట్టి జ్వరం ఎంతో కొలవలేదు, నోట్లో మచ్చలున్నాయో తెలియదు.

కార్డులో ఎంఆర్ మొదటి డోసు ఉంది. రెండో డోసు లేదు, ఆ సమయానికి కుటుంబం హైదరాబాదులో కూలికి ఉంది. జ్వరం, దద్దుర్లు ఉంటే చాలు, తట్టు అనుమానిత కేసుగా నమోదు చేయాలి. ఆ పని ఈ రోజే చేశాను. దద్దుర్లు వచ్చిన 28 రోజుల్లోపు రక్తం తీయవచ్చు కాబట్టి ఇంటివాళ్లతో గొడవపడి ఇప్పుడే తీయాల్సిన అవసరం లేదు. విటమిన్ ఎ మాత్రం ఆలస్యం కాకూడదు. ఈ రోజు ఒక డోసు, రేపు ఒకటి.

దీనికి దారి ఏఎన్‌ఎం గారే కనిపెట్టారు. "సూదంటే ఒప్పుకోరు మేడం, నోట్లో సుక్కలంటే అమ్మోరికి కోపం రాదన్నాది ముసలావిడ". ఆశా గారు ఆ ఇంటికి వరసకి కోడలు. సాయంత్రం వెళ్లి మొదటి డోసు వేసి వచ్చారు. నీళ్లు పోసే రోజు అయ్యాక నమూనా తీయిస్తామని అమ్మమ్మ మాటిచ్చింది. ఆ వీధిలో ఐదేళ్లలోపు పిల్లల కార్డులన్నీ తీసి, ఎంఆర్ బాకీ ఉన్నవాళ్లకి వచ్చే బుధవారం టీకా వేస్తాం. ఇంకెవరికైనా దద్దుర్లు ఉన్నాయా అన్న ప్రశ్నకి మెసేజీల్లో జవాబు లేదు, రేపు ఇంటింటికీ తిరిగి చూస్తారు.

చెరువుగట్టుపేట పాప

14 నెలల పాప. మంగళవారం చేతి చుట్టుకొలత 11.3 సెంటీమీటర్లు, శుక్రవారం 11.8. ఇద్దరు పిల్లలేమో అనుకున్నాను, ఒకే పాప. మూడు రోజుల్లో అర సెంటీమీటరు పెరగదు. మంగళవారం కొత్త టేపు, శుక్రవారం అంగన్‌వాడీలో నలిగిపోయిన పాత టేపు వాడారట. 11.5 కంటే తక్కువైతే తీవ్ర పోషకాహార లోపం కాబట్టి, మళ్లీ కొలిచేదాకా తక్కువ అంకెనే లెక్కలోకి తీసుకుంటున్నాను. పాదాల వాపు లేదు, అన్నం తింటోంది. సోమవారం బరువు, పొడవు కూడా చూస్తారు. పాత టేపులు అన్ని కేంద్రాల నుంచీ తీసేయించాలి.

మిగతావి

చెరువుగట్టుపేటలో ఐదుగురికి విరేచనాలు, అందరూ ఓఆర్‌ఎస్‌తో తేరుకున్నారు. పిల్లలిద్దరికీ జింకు 14 రోజులూ వేయాలని మళ్లీ చెప్పాలి, తగ్గగానే ఆపేశారు. వీధి చివరి కుళాయిలో క్లోరిన్ అసలు కనిపించలేదు, ట్యాంకు దగ్గర మాత్రం ఉంది. మధ్యలో పైపు ఎక్కడో పగిలి ఉండాలి. పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇచ్చాం. శుక్రవారం డ్రై డే నాడు 30 ఇళ్లు చూస్తే ఆరింట్లో తొట్లలో లార్వా ఉంది, పారబోయించారు.

తోటూరులో మూడు వారాల దగ్గు ఉన్న ఒకాయన కఫం డబ్బా తీసుకుని తిరిగి ఇవ్వలేదు. రక్తపోటు మాత్రలు వాడేవాళ్లలో నలుగురికి అమ్లోడిపిన్ అయిపోయి వారం దాటింది. 104 బండి వచ్చేదాకా ఆగలేరు, మన స్టాకు నుంచి పంపడానికి అనుమతి కావాలి.

ఏఎన్‌ఎం గారు తానుగా అడగలేదు గానీ, కొండదిగువపాలెం దారి బాగయ్యేదాకా ఆవిడని ఒంటరిగా పంపకుండా జత మనిషిని ఇవ్వమని నా సిఫార్సు.

మీరు ఇది చదివి సంతకం చేశాక ఆడియోలన్నీ ఇద్దరి ఫోన్లలోంచీ తీసేస్తాం, వాటిలో రోగుల పేర్లు వినిపిస్తున్నాయి.

హెల్త్ సూపర్‌వైజర్
నవంబరు 21, 2025, రాత్రి