ఐగెన్ వాల్యూలు: ఎం-1 రెండో యూనిట్ షార్ట్ నోట్స్

నిర్వచనం

స్క్వేర్ మాట్రిక్స్ A ఒక వెక్టర్‌ను తీసుకుని మరో వెక్టర్‌ను ఇస్తుంది. మామూలుగా పొడవూ మారుతుంది, దిశా మారుతుంది. కొన్ని వెక్టర్లు మాత్రం తమ గీత దాటవు. ఆ గీత మీదే సాగుతాయి, కుంచించుకుపోతాయి, λ రుణాత్మకమైతే వెనక్కి తిరుగుతాయి. అవే ఐగెన్ వెక్టర్లు. ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య λ ఐగెన్ వాల్యూ.

`AX = λX,  X ≠ 0`

X సున్నా కాకూడదన్న షరతు తప్పక రాయాలి. సున్నా వెక్టర్‌కు ఏ λ అయినా సరిపోతుంది కాబట్టి అది ఏమీ చెప్పదు. λ మాత్రం సున్నా కావచ్చు. అప్పుడు |A| = 0, ఇన్వర్స్ ఉండదు.

లెక్క చేసే పద్ధతి

(A − λI)X = 0కు సున్నా కాని సాధన కావాలంటే |A − λI| = 0 కావాలి. ఇదే క్యారెక్టరిస్టిక్ ఈక్వేషన్. దీని మూలాలు λలు. ఒక్కో λను వెనక్కి పెట్టి, రో రిడక్షన్ చేసి X కనుక్కోవాలి.

```
A = [4 1]
    [2 3]

λ² − 7λ + 10 = 0  →  λ = 5, 2
λ = 5:  −x + y = 0  →  X = (1, 1)
λ = 2:  2x + y = 0  →  X = (1, −2)
```

3×3 అయితే λ³ − S₁λ² + S₂λ − |A| = 0. S₁ ట్రేస్, S₂ మెయిన్ డయాగొనల్ మూలకాల మైనర్ల మొత్తం. డిటర్మినెంట్ మొత్తం విప్పడం కంటే ఇదే మేలు, గుర్తుల పొరపాట్లు తగ్గుతాయి.

సరిచూసుకోవడం: λల మొత్తం ట్రేస్ (5 + 2 = 7), లబ్ధం |A| (5 × 2 = 10). X సరైనదో కాదో AX గుణిస్తే వెంటనే తెలుస్తుంది.

జ్యామితిలో అర్థం

అధ్యాయంలో అసలు సారం ఇక్కడే ఉంది. పై A, (1, 1) దిశలో తలాన్ని 5 రెట్లు, (1, −2) దిశలో 2 రెట్లు సాగదీస్తుంది. వైశాల్యం 10 రెట్లవుతుంది, అందుకే లబ్ధం |A|. ఇప్పుడు (1, 0)ను తీసుకుని Aతో పదేపదే గుణించాలి:

`(1,0) → (4,2) → (18,14) → (86,78)`

దిశ (1, 1) వైపు ఒరుగుతోంది. ఎందుకంటే (1, 0) = ⅔(1, 1) + ⅓(1, −2). మొదటి భాగం ప్రతిసారీ 5 రెట్లు పెరుగుతుంది, రెండోది 2 రెట్లే. పవర్ మెథడ్ పనిచేసేది ఈ కారణంతోనే. ఈ రెండు వెక్టర్లను నిలువు వరుసలుగా పెట్టి P, వాటి λలను అదే వరుసలో డయాగొనల్ మీద పెట్టి D తయారుచేస్తే A = PDP⁻¹, Aⁿ = PDⁿP⁻¹.

మూడు ప్రత్యేక సందర్భాలు:

- 90° భ్రమణం: λ = ±i. ప్రతి వెక్టరూ తిరిగిపోతుంది, నిలిచే వాస్తవ దిశ లేదు.
- షియర్ `[1 1; 0 1]`: λ = 1 రెండుసార్లు వస్తుంది, దిశ (1, 0) ఒక్కటే. డయాగొనలైజ్ కాదు.
- వాస్తవ సిమెట్రిక్ మాట్రిక్స్: λలన్నీ వాస్తవాలు, వేర్వేరు λల వెక్టర్లు పరస్పరం లంబం. స్ట్రెస్ టెన్సర్‌లో ప్రిన్సిపల్ స్ట్రెస్‌లు ఈ λలే.

కేలీ–హామిల్టన్

ప్రతి స్క్వేర్ మాట్రిక్స్ తన క్యారెక్టరిస్టిక్ ఈక్వేషన్‌ను తానే తృప్తిపరుస్తుంది: A² − 7A + 10I = 0. A⁻¹తో గుణిస్తే A⁻¹ = (7I − A)/10.