విషయం: పాల సేకరణ లెక్కల సాఫ్ట్‌వేర్‌కు సీనియర్ ఇంజినీరు, బరంపురం నుంచే పని

అయ్యా,

నమస్కారం. మీరు ఉద్యోగం వెతుకుతున్నారని అనుకుని రాస్తున్న ఉత్తరం కాదిది. గత డిసెంబరులో విశాఖపట్నంలో జరిగిన ఇంజినీర్ల సమావేశంలో, సిగ్నల్ పోయి మళ్లీ వచ్చినప్పుడు ఒకే ఎంట్రీ సర్వర్‌కు రెండుసార్లు చేరితే లెక్క ఎలా చెడుతుందో, ప్రతి ఎంట్రీకి ఫోన్‌లోనే ఒక ప్రత్యేక సంఖ్య కేటాయిస్తే ఆ చిక్కు ఎలా తీరుతుందో మీరు చెప్పగా విన్నాను. నా దగ్గరున్న పనికి సరిగ్గా ఆ అనుభవమే కావాలి.

గంజాం, గజపతి, శ్రీకాకుళం జిల్లాల పాల సేకరణ కేంద్రాలకు సాఫ్ట్‌వేర్ అందిస్తున్న ఒక చిన్న సంస్థ తరఫున రాస్తున్నాను. రైతు పోసిన పాల కొలత, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. అనే వెన్న కాని ఘనపదార్థాల శాతం కేంద్రంలోని ఫోన్‌లో నమోదవుతాయి. వాటిని బట్టి పది రోజులకోసారి రైతు ఖాతాలో డబ్బు పడుతుంది. మహేంద్రగిరి వైపు ఊళ్లలో గంటల తరబడి సిగ్నల్ ఉండదు. పాల ఎంట్రీ రెండుసార్లు పడితే సంస్థ సర్దుకోగలదు గానీ, అసలే పడకపోతే పూటకు రెండు లీటర్లు పోసే ఇంటికి అది పెద్ద దెబ్బ. ఈ లెక్కల భాగాన్ని పైథాన్ నుంచి గో భాషలోకి మార్చి, పోస్ట్‌గ్రెస్‌లోని చెల్లింపుల పట్టికలను కొత్తగా రూపొందించే బాధ్యత మీది అవుతుంది. జట్టులో మీతో కలిపి ఆరుగురు ఉంటారు.

ఇబ్బందులను ముందే చెప్పడం నా ధర్మం. పాత కోడ్‌లో సగానికి టెస్టులు లేవు. సేకరణ ఉదయం ఐదున్నరకే మొదలవుతుంది కనుక, ఆరు వారాలకొకసారి ఆ వేళకు ఫోన్ దగ్గర ఉండవలసి వస్తుంది.

జీతం ఏడాదికి 38 నుంచి 46 లక్షల రూపాయలు. ఇల్లు మారనక్కరలేదు, మూడు నెలలకొకసారి రెండు రోజులు విశాఖ రావాలి, ఆ ఖర్చులు సంస్థవే. మంచి పని కావాలంటే హైదరాబాదో బెంగళూరో పోక తప్పదని పర్లాకిమిడిలో పెరిగిన నేను చిన్నప్పటి నుంచి వింటూ వచ్చాను. ఈ పని మన వైపే ఉండడం నాకు నిజంగా సంతోషం కలిగించింది.

ఎంపికకు రెండు సంభాషణలు, మొత్తం రెండున్నర గంటలు. ఇంటికిచ్చే పరీక్ష లేదు. ప్రకటన ఇంకా వెలువడలేదు కనుక సంస్థ పేరు ఇక్కడ రాయలేదు. మీరు వినడానికి సుముఖమంటే, మాట్లాడకముందే పేరు, పని వివరాలు పంపుతాను.

మీకు వీలైన సాయంత్రం ఇరవై నిమిషాలు చాలు. వద్దనుకుంటే ఒక్క మాట రాయండి, రాయకపోయినా ఫరవాలేదు. ఈ పని గురించి మళ్లీ ఉత్తరం గానీ ఫోను గానీ రాదు.

భవదీయురాలు,
నియామక సలహాదారు, పర్లాకిమిడి