చి.ల.సౌ. హారిక పెళ్లి: ఆడపెళ్లివారి సామాన్ల జాబితా, ఏది ఎవరి బాధ్యత

శనివారం, తెనాలి. ముహూర్తం రాత్రి 10:24. మనం కల్యాణ మండపానికి మధ్యాహ్నం 2 కల్లా చేరాలి. మగపెళ్లివారి బస్సు ఏలూరు నుంచి సాయంత్రం 5కి వస్తుంది.

ఒక్కో పనికి ఒక్కరి పేరే రాశాం. ఇద్దరి పేర్లు రాస్తే ఎవరికి వారు రెండోవాళ్లు చూసుకుంటారులే అనుకుంటారు. సంచులు రకాల వారీగా కాక పంతులుగారు అడిగే వరుసలో కట్టాం. పసుపు, కుంకుమ, అక్షింతలు, అగ్గిపెట్టె ప్రతి సంచిలోనూ ఉన్నాయి. ఒక సంచిలోవి తీసి ఇంకోదాంట్లో వాడొద్దు.

ఎదురుకోలు – విజయ అత్తయ్య
పానకం 10 లీటర్లు (బెల్లం 2 కిలోలు, మిరియాల పొడి, యాలకులు), రెండు బిందెలు, గ్లాసులు. గంధం గిన్నె, పన్నీరు బుడ్డి, పూలదండలు 2, హారతి పళ్లెం. బెల్లం నీళ్లు వడకట్టకపోతే అడుగున ఇసుక తేలుతుంది. పల్చటి గుడ్డ బిందెకే కట్టి ఉంచాం.

1వ సంచి, గౌరీపూజ – లక్ష్మి పెద్దమ్మ
పసుపు కిలో, కుంకుమ పావుకిలో, తమలపాకులు 200, వక్కలు పావుకిలో, పసుపు కొమ్ములు అరకిలో, కొబ్బరికాయలు 11, రవికగుడ్డలు 5, అరటిపండ్లు 2 డజన్లు, బియ్యం 5 కిలోలు, రూపాయి బిళ్లలు 51, కర్పూరం, వత్తులు, కుందులు 2, నూనె లీటరు. కాయలు ఊపి నీళ్ల చప్పుడు విన్నాకే సంచిలో వేయండి. తమలపాకులు తడిగుడ్డలో చుట్టి పెట్టండి, ప్లాస్టిక్ కవర్లో అయితే సాయంత్రానికి నల్లబడతాయి.

హారికని తెచ్చే వెదురు గంప శేఖర్ మామయ్యది. అడుగున అడ్డంగా రెండు వెదురు పట్టెలు వేయించమని చెప్పాం. శుక్రవారం గంప ఇంటికి రాగానే అందులో 50 కిలోల బియ్యం బస్తా పెట్టి నలుగురూ ఒకసారి ఎత్తి చూడండి. చూడ్డానికి అందంగా ఉండే పల్చటి గంపలకి మొదట అడుగే జారిపోతుంది.

2వ సంచి, కన్యాదానం – సుధాకర్ బాబాయి
కాళ్లు కడిగే పళ్లెం, వెండి చెంబు, కొత్త తువ్వాళ్లు 2, కొబ్బరిబోండం, అడ్డుతెర (రెండు మీటర్ల తెల్లగుడ్డ, స్వస్తిక్ రాసింది), బాసికాలు 2, కంకణాలు 2. బాసికం దారాలు మామూలుగా పొట్టిగా వస్తాయి, జడ మీదుగా ముడి పడదు. రెండు వైపులా జానెడు దారం కలిపి కుట్టించండి. అమ్మానాన్నలు కన్యాదానం దాకా ఉపవాసం ఉంటారు. నాన్నకి షుగరు కాబట్టి ఆ రోజు మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, మధ్యలో ఏం తీసుకోవచ్చో ముందే డాక్టరుగారిని అడిగి కాగితం మీద రాయించడం కూడా బాబాయి పనే.

3వ సంచి, ముహూర్తం – పావని వదిన
ఇది సంచి కాదు, భుజానికి తగిలించుకునే బ్యాగు. సాయంత్రం నుంచి తలంబ్రాలు అయ్యేదాకా పావని భుజం మీదే ఉంటుంది. కుర్చీలో పెట్టడం, పిల్లలకి ఇవ్వడం కుదరదు. ఫొటోలు తర్వాత దిగొచ్చు.

ముహూర్తం అంటే జీలకర్ర బెల్లం పెట్టే క్షణం, తాళి కట్టేది కాదు. కాబట్టి ముందుగా కావలసింది అదే. జీలకర్ర 100 గ్రాములు, ముదురు బెల్లం 100 గ్రాములు రాత్రి 8కి రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. నీళ్లు చుక్క కూడా వద్దు. మధ్యాహ్నమే నూరి పెడితే బెల్లం నీరు వదిలి, తలమీద పెట్టగానే నుదుటి మీదికి కారుతుంది. నిమ్మకాయంత రెండు ముద్దలు చేసి, తమలపాకు మీద పెట్టి, మూతగిన్నెలో ఉంచండి. మూడో ముద్ద కూడా చేయండి, జారి కింద పడ్డ పెళ్లిళ్లు తక్కువేమీ లేవు.

బ్యాగులో ఇంకా:
- పుట్టింటి సూత్రం. మెట్టినింటి సూత్రం వాళ్లు తెస్తారు. సాయంత్రం 6కి రెండూ పసుపుతాడుకి ఎక్కించాలి. తాడు రెండు మూరలు తగ్గకూడదు, మూడు ముళ్లు పడాలి. పసుపు రాసి శుక్రవారమే ఆరబెట్టండి, తడితాడు పట్టుచీరకి అంటితే మరక పోదు.
- నల్లపూసలు, వెండి మెట్టెలు. మెట్టెలు కాలి రెండో వేలికి ఒకసారి పెట్టి చూశాకే బ్యాగులో వేయాలి. సన్నికల్లు దగ్గర బిగుతైతే పెళ్లికొడుకు అవస్థ అందరూ చూస్తారు.
- మధుపర్కాలు. జీలకర్ర బెల్లం అయ్యాక, మాంగల్యధారణకి ముందు హారిక చీర మార్చుకోవాలి. ఉన్నది పావుగంట. ఎర్ర రవిక, తెల్ల లంగా, పిన్నీసులు 20 ఒకే కవర్లో ఉండాలి. ఆ గది తాళం కూడా పావని దగ్గరే.

తలంబ్రాలు: 4 కిలోల ముడిబియ్యం (నూక లేకుండా చెరిగించి), పసుపు 50 గ్రాములు, నెయ్యి నాలుగు చెంచాలు, ముత్యాలు పిడికెడు. నెయ్యి ఎక్కువైతే దోసిట్లోంచి రాలవు, ముద్దగా పడతాయి. థర్మోకోల్ గుండ్లు వద్దు, కళ్లల్లో పడతాయి. అక్షింతలు వేరే 2 కిలోలు. వాటిని 10:15కే పంచడం మొదలుపెట్టాలి, స్వాతిది ఆ పని.

4వ సంచి, హోమం – కార్తీక్
ఆవునెయ్యి అరకిలో, సమిధలు రెండు కట్టలు, దర్భలు, ఇసుక ఒక గంప, ఇటుకలు 9, విసనకర్ర, పేలాలు అరకిలో. చెల్లెలి చేతిలో పేలాలు పోసేది అన్నగా నువ్వే, కాబట్టి నువ్వే కొను. కొట్లో పేలాలు అడిగితే మరమరాలు కట్టేస్తారు. మనకి కావలసినవి వడ్లు వేయించిన పేలాలు, పొట్టు చెరిగినవి. హోమం వెలిగించే ముందు పైన ఫ్యాను ఆపించు. లేకపోతే నిప్పురవ్వలు మధుపర్కాల మీద పడతాయి.

పెట్టుబడులు – అరుణ పిన్ని
పెళ్లికొడుకు బట్టలు, ఉంగరం, వాచీ. వియ్యపురాలికి పట్టుచీర, వియ్యంకుడికి పంచెల చాపు, ఆడబిడ్డలిద్దరికీ చీరలు. ఒక్కోదానికి పేరు రాసిన చీటీ పిన్ను పెట్టండి. ఆడబిడ్డల చీరలు ఒకే ధరవి. పైన రెండు చీరలు, రెండు పంచెలు అదనంగా ఉంచాం, లెక్కలో లేని దగ్గరివాళ్లు ఎవరో ఒకరు వస్తారు.

తాంబూలం సంచులు 400. రవికగుడ్డ, ఆకులు, వక్క ముందే పెట్టొచ్చు. అరటిపండ్లు మాత్రం శనివారం సాయంత్రమే వేయాలి, నలిగితే గుడ్డంతా పాడు.

చదివింపులు – వెంకటేశ్వర్లు తాతయ్య
రెండు పుస్తకాలు, రెండు పెన్నులు, తాళం ఉన్న పెట్టె. కవరు మీద వరుస సంఖ్య, పుస్తకంలో అదే సంఖ్య, పేరు, ఊరు, మొత్తం. కవర్లు అక్కడ విప్పొద్దు. రెండో పుస్తకం వస్తువులకి: వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, వరుస. వధువుకి, వరుడికి వేర్వేరు పేజీలు. 1985 నాటి వరకట్న నిషేధ నిబంధనల ప్రకారం బహుమతుల జాబితా రాసి ఇద్దరితోనూ సంతకాలు పెట్టించాలి. ఆదివారం ప్రయాణానికి ముందే పెట్టించేయండి.

అప్పగింతలు, సారె – లక్ష్మి పెద్దమ్మ
చలిమిడి 5 కిలోలు (తడిగుడ్డ కప్పి), అరిసెలు 101, లడ్డూలు 101, ఒడిబియ్యం, ఎండు ఖర్జూరం, పసుపు కొమ్ములు. సారె డబ్బాలు బస్సులో డ్రైవరు వెనక సీట్ల కింద సర్దాలి. డిక్కీలో పెడితే అరిసెలు పొడి అవుతాయి.

తాళాలు, జనరేటరు – ప్రసాద్ బావ
డీజిలు 20 లీటర్లు శనివారం ఉదయమే. సామాన్ల గది తాళం ఒకటే, బావ జేబులో. ఆదివారం పొద్దున అద్దె బిందెలు, పళ్లేలు లెక్కపెట్టి అప్పగించి, వెండి చెంబు ఇంటికి చేరిందని సుధాకర్ బాబాయికి ఫోను చెయ్యి.