జూనియర్ మెకానికల్ డిజైన్ ఇంజనీర్ కావాలి

మా సెంట్రిఫ్యూగల్ పంపుల డిజైన్ విభాగంలో ఒక ఖాళీ ఉంది. ఇది ప్రారంభ స్థాయి ఉద్యోగం. సీనియర్ ఇంజనీర్ కింద పనిచేయాలి, టీమ్‌ను నడిపే బాధ్యత ఉండదు.

కేసింగ్, ఇంపెల్లర్, షాఫ్ట్ డ్రాయింగులు తయారుచేయడం, ఇంపెల్లర్‌కీ వేర్ రింగ్‌కీ మధ్య క్లియరెన్స్ సరిచూడటం, షాప్‌ఫ్లోర్ చెప్పిన మార్పులను డ్రాయింగ్‌లోకి ఎక్కించడం రోజువారీ పని. తుది సంతకం సీనియర్ ఇంజనీర్‌దే.

అర్హత: మెకానికల్‌లో డిప్లొమా లేదా డిగ్రీ, ఏదైనా సరే. అనుభవం 0–2 ఏళ్లు. ఇప్పుడే చదువు ముగించినవారూ దరఖాస్తు చేయవచ్చు. 3డీ క్యాడ్ తెలిస్తే మంచిదే, తప్పనిసరి కాదు. చేరాక మేమే నేర్పుతాం. డ్రాయింగ్ చదవడం మాత్రం రావాలి.

రెజ్యూమెతో పాటు మీరు సొంతంగా గీసిన ఒక డ్రాయింగ్ పంపండి, కాలేజీ ప్రాజెక్టుదైనా ఫర్వాలేదు. ఇంటర్వ్యూలో ముందు దాని గురించే అడుగుతాం.