మా బిడ్డ పేరు మంజీర

అందరికీ దండాలు. పెద్దమ్మలు, చిన్నాయినలు, మామలు, బావలు, ఇంత ఎండల పని ఇడిసిపెట్టి ఒచ్చిండ్రు, శానా సంతోషం. మైక్ పట్టుకునుడు నాకు అలవాటు లేదు కని మా అక్క ఇందాక తొట్లెల వంగి పాప చెవుల పేరు చెప్పంగనే వెనకకెల్లి ఏం పేరు ఏం పేరు అని ఒకటే లొల్లి, అందుకే నేనే చెప్తున్న. మా బిడ్డ పేరు మంజీర.

అవును, మన మంజీర నది పేరే. మఖ నక్షత్రం, 'మ' తోని రావాలె అన్నడు అయ్యగారు, ఇగ ఆ ఒక్క అక్షరం మీద ఇంట్ల పెద్ద పంచాయితే అయింది. మా అమ్మ నానమ్మ పేరు మల్లమ్మ అని పెడదామన్నది, మా మరదలు వాట్సాప్‌ల పేర్లు పంపుడే పంపుడు, సగం నాకు నోరే తిరగలే.

నా మనసుల మాత్రం ముందునుంచి ఇదే ఉండె. మాది పాపన్నపేట దిక్కు, ఘనపురం ఆనకట్ట కాడికెల్లి ఫతే నహర్‌ల నీళ్లొస్తేనే మాకు వరి, ఇందాక పళ్లెంల పోసి ఉంగరంతోని పేరు రాసినం గదా, ఆ బియ్యం ఆ నీళ్ల పంటే. అక్కనిచ్చిన బాన్సువాడల పొలాలు నిజాంసాగర్ కింద, 1931ల పూర్తయిన ఆ డ్యాం గూడ మంజీర మీదిదే. ఇగ అత్తగారోళ్లది పటాన్‌చెరు, వాళ్లింట్ల నల్లా తిప్పితే మంజీర నీళ్లే. మా బాపు ఇప్పటికీ మామ కనవడితే సాలు, "బావా, సింగూరు నీళ్లు సిటీకి గుంజుకపోయి మా పొలాలు ఎండవెడ్తిరి" అని మొదలువెడ్తడు. ఇద్దరు పంచుకోలేని నీళ్ల పేరే పాపకు పెట్టిన, ఇప్పుడు ఎత్తుకునేకాడ కొట్లాడుకోండ్రి.

ఇంకోటి, మంజీరం అంటే కాలి అందె అని గూడ అర్థముంది. పేరు తెల్వకుంటనే మా బామ్మర్ది వెండి పట్టీలు తెచ్చిండు సూడుండ్రి!

నాకు ఈ నదిల బాగ నచ్చేది దాని నడక. బాలాఘాట్ గుట్టలల్ల పుట్టి బీదర్ మీదికెల్లి తూర్పు దిక్కు ఒచ్చుకుంట ఒచ్చుకుంట మన సంగారెడ్డి జిల్లాల ఉత్తరానికి మర్లుతది, ఆడికెల్లి పోయి కందకుర్తి కాడ గోదారిల కలుస్తది. మా బిడ్డ గూడ పెద్దగైనంక ఎటు మర్లాలనిపిస్తే అటు మర్లనీ, చదువు కానీ ఉద్యోగం కానీ పెండ్లి కానీ, నేనైతే అడ్డం ఆనకట్ట కట్ట. ఈ మాట ఇంతమంది ముందర అంటున్న, రేపు నేనే మర్చిపోతే గుర్తు చెయ్యుండ్రి.

అమ్మా, నువ్వు మల్లమ్మ అనే పిలుసుకో, నేనేమన. మిగతోళ్లు మాత్రం మంజు, మంజి అని కట్ చెయ్యకుండ్రి.

వంటలైనయట, తినకుంట ఎవ్వలు పోవద్దు. బాపు మైక్ అడుగుతున్నడు, ఇస్తున్న. మామా, నువ్వు జర దగ్గర్నే ఉండు, సింగూరు ముచ్చటే తీస్తడు.