పోచంపల్లి ఇక్కత్ గురించి మా పాడ్‌కాస్ట్‌లో మాట్లాడమని ఆహ్వానం

అంజయ్య గారికి నమస్కారం.

నా పేరు సుజాత. హైదరాబాద్ నుంచి చేతిపనుల మీద తెలుగులో పాడ్‌కాస్ట్ చేస్తున్నాను. శిల్పారామం చేనేత మేళాలో మీ స్టాల్ దగ్గర ఒకావిడ "దీనికింత రేటెందుకు?" అని అడిగితే, మీరు చీర తిప్పి రెండో వైపు చూపించి జవాబు చెప్పారు. అప్పుడు నేనక్కడే ఉన్నాను. అదే మాట మా శ్రోతలకూ మీ నోటనే వినిపించాలని నా కోరిక.

పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే జీఐ గుర్తింపు వచ్చినా, ఆ డిజైన్లను బట్టమీద అచ్చేసి ఇక్కత్ పేరుతో అమ్ముతూనే ఉన్నారు. నేతకు ముందే నూలు మీద చిటికి కట్టి రంగు అద్దుతారని, పడుగూ పేకా రెండింటికీ అలా చేస్తే అవి మగ్గం మీద సరిగ్గా కలవాలని కొనేవాళ్లలో చాలామందికి తెలియదు. ముందుగా దాని గురించే మాట్లాడుకుందాం. తర్వాత ఆసు పని. చింతకింది మల్లేశం గారి లక్ష్మీ ఆసు యంత్రం రాకముందు ఇంట్లో ఆడవాళ్ల భుజాలు ఎంత నొప్పెట్టేవో అమ్మగారు కూడా కూర్చుని చెప్తే ఇంకా సంతోషం.

ఇది ఆడియో మాత్రమే, వీడియో లేదు, లైవ్ కాదు. గంటంబావు రికార్డ్ చేసి, 45 నిమిషాలకు ఎడిట్ చేస్తాం. మీరు ఇంట్లో మాట్లాడే భాషలోనే మాట్లాడండి. ఎక్కడైనా తడబడితే ఆ మాట మళ్లీ చెప్పొచ్చు. విడుదలకు ముందు మీకు వినిపిస్తాను, వద్దన్నది తీసేస్తాను. ప్రశ్నలు రెండు రోజుల ముందే పంపుతాను.

ఈ మూడింటిలో మీకు ఏది వీలు?

జూలై 11 శనివారం ఉదయం 10 గంటలకు
జూలై 14 మంగళవారం సాయంత్రం 6 గంటలకు
జూలై 19 ఆదివారం ఉదయం 10 గంటలకు

ఇవేవీ కుదరకపోతే మీరే ఒక టైమ్ చెప్పండి. ఆర్డర్ల ఒత్తిడి ఉంటే ఆగస్టుకు జరుపుకుందాం.

ల్యాప్‌టాప్, వైరున్న ఇయర్‌ఫోన్ ఉంటే చాలు. నేను పంపే లింక్‌ను క్రోమ్‌లో తెరిస్తే మీ గొంతు మీ ల్యాప్‌టాప్‌లోనే రికార్డ్ అవుతుంది, కాబట్టి మధ్యలో నెట్ తగ్గినా మాట చెడదు. చివర్లో అప్‌లోడ్ పూర్తయ్యే దాకా ఆ పేజీ మూసేయకండి. మగ్గాలకు దూరంగా, పరుపో బట్టల బీరువానో ఉన్న చిన్న గదైతే గొంతు మారుమోగదు. మాట్లాడేటప్పుడు ఫ్యాన్ ఆపాలి, కాస్త ఉక్కపోస్తుంది, మధ్యమధ్యలో ఆగుదాం. ముందురోజు ఒక పది నిమిషాలు టెస్ట్ చేసుకుంటే ఆ రోజు టెన్షన్ ఉండదు.

ఇంకొక్క విన్నపం. మీ గుంట మగ్గం నడుస్తున్నప్పుడు ఫోన్‌ను మూరెడు దూరంలో పెట్టి, ఎవరూ మాట్లాడకుండా రెండు నిమిషాలు వాయిస్ రికార్డర్‌లో ఆ చప్పుడు పట్టి పంపండి. ఎపిసోడ్ దానితోనే మొదలుపెడతాను.

మీకు ఒక పూట పని ఆగుతుంది కాబట్టి రికార్డింగ్ రోజునే 3,000 రూపాయలు పంపుతాం. దయచేసి కాదనకండి.

జూలై 4లోగా ఈ మెయిల్‌కు జవాబిస్తే టైమ్ ఖాయం చేసి లింక్ పంపుతాను.

నమస్కారాలతో,
సుజాత
హైదరాబాద్